సిమెంటు గచ్చు మీద కట్టే ఆవు కుంటుతుంటే: వెనక కాలి బయటి గిట్ట చూడటం, కొయ్యటం

ఆవు వెనక కాలు కుంటుతోందంటే మనవాళ్లు ముందు తుంటి పట్టుకు చూస్తారు, తర్వాత మోకాలు, నరం పట్టేసిందేమో అని నూనె రాస్తారు, రెండు వారాలు అలా గడిచిపోతాయి. గచ్చు మీద కట్టే పాడి ఆవు విషయంలో మాత్రం కాలు ఎత్తి గిట్ట కింద చూడకుండా ఇంకెక్కడా చెయ్యి పెట్టొద్దండి. అందులోనూ ముందు చూడాల్సింది వెనక కాలి బయటి గిట్ట, అంటే పొదుగు వైపు కాకుండా అవతలి వైపు ఉండేది. కుంటు చాలాసార్లు దొరికేది అక్కడే. అందుకే ఇక్కడ అన్ని గిట్ట జబ్బులూ కలిపేసి చెప్పకుండా ఈ ఒక్కదాని గురించే చెప్తున్నాను, అరికాలు పుండు అంటాం, గచ్చు సావిళ్లలో ఎక్కువ కనిపించేది ఇదే.

ఎందుకు బయటి గిట్టకే వస్తుందో ముందు అర్థం చేసుకోవాలి, లేకపోతే కత్తి చేతిలో ఉన్నా ఎక్కడ కొయ్యాలో తెలీదు. ఆవు నడిచేటప్పుడు నడుము అటూ ఇటూ ఊగుతుంది, ఆ ఊగే బరువు మారి మారి వెనక బయటి గిట్టల మీద పడుతుంది, లోపలి గిట్ట మీద బరువు దాదాపు నిలకడగా ఉంటుంది. మట్టి నేల అయితే గిట్ట కొంచెం దిగబడుతుంది కాబట్టి రెండూ బరువు పంచుకుంటాయి, మన పాత రోజుల్లో కాలవగట్ల మీద తిరిగే ఆవులకి ఈ బాధ అంతగా ఉండేది కాదు. గచ్చు దిగబడదు కదా. ఏ గిట్ట కాస్త ఎత్తుగా ఉంటే బరువంతా దాని మీదే. బరువు పడితే లోపలి చర్మం రెచ్చి గోరు ఇంకా ఎక్కువ పెరుగుతుంది, గోరు పెరిగితే ఇంకా ఎత్తవుతుంది, ఎత్తయితే ఇంకా బరువు, ఇలా తిరుగుతూనే ఉంటుంది, మనం మధ్యలో కత్తి పెట్టి ఆపేదాకా ఆగదు. పైన గిట్ట లోపల ఉండే ఎముక వెనక అంచు కింద ఉన్న పచ్చి కండని నొక్కుతుంటుంది, కింద నుంచి గచ్చు నొక్కుతుంటుంది, మధ్యలో ఆ కండ నలిగిపోతుంది. అందుకే పుండు ఎప్పుడూ దాదాపు ఒకే చోట వస్తుంది, అరికాలు అయిపోయి మడమ మొదలయ్యే దగ్గర, రెండు గిట్టల మధ్య సందు వైపుకి.

దీనికి ఈనిన టైముకి సంబంధం ఉందండి. ఈనే ముందూ ఈనిన తర్వాతా ఒంట్లో కట్లు వదులవుతాయి, గిట్టలో ఎముకని పట్టి ఉంచే కట్లు కూడా, దాంతో ఎముక కాస్త కిందకి దిగుతుంది. పాలు బాగా ఇచ్చే ఆవు ఒళ్లు తగ్గితే మడమ లోపల మెత్తలాగా ఉండే కొవ్వు కూడా పలచబడుతుంది. అప్పుడు నలిగిన చోట రక్తం చిమ్మి గోరులో కలిసిపోతుంది, ఆ గోరు పెరుగుతూ అడుక్కి వచ్చేసరికి రెండు మూడు నెలలు పడుతుంది. కాబట్టి ఈనిన మూడో నెలలో అరికాలు మీద ఎర్రటి మచ్చ కనిపిస్తే అది నిన్న రాయి గుచ్చుకున్నది కాదు, ఈనినప్పటి సంగతి.

కుంటు ముందే పట్టుకోవడం

మూడు కాళ్ల మీద గెంతేదాకా ఆగితే ఆలస్యమైపోయినట్టే. పాలు తీశాక ఆవుని విప్పి గట్టి నేల మీద ఒక పది పన్నెండు అడుగులు నడిపించి పక్క నుంచి వీపు చూడండి. నిలబడ్డప్పుడూ నడిచేటప్పుడూ వీపు గీత గీసినట్టు తిన్నగా ఉంటే పర్లేదు. నిలబడ్డప్పుడు తిన్నగా ఉండి నడిచేటప్పుడు మాత్రం గూనిలా పైకి లేస్తే గిట్టలో ఏదో మొదలైంది. రెండిట్లోనూ గూని ఉండి అడుగు చిన్నదైపోతే ఇంక వాయిదా వెయ్యకూడదు. దేశదేశాల్లో డాక్టర్లు ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు వేసే పద్ధతి కూడా ఈ వీపు చూసే లెక్కే. ఇంకో గుర్తు, సావిట్లో కట్టేసి ఉన్నప్పుడు వెనక నుంచి చూడండి, బయటి గిట్ట నొప్పి ఉన్న ఆవు మోకాళ్లు దగ్గరకి పెట్టి పాదాలు బయటకి తిప్పి నిలబడుతుంది, అలా అయితే బరువు లోపలి గిట్ట మీదకి పోతుందని దాని ఉపాయం. మనోళ్లు అది ఆ ఆవు పుట్టు వాలకం అనుకుంటారు. గిట్టలు సరిగ్గా కోశాక చాలా ఆవులు కాళ్లు తిన్నగా పెడతాయి, చూస్తే మీకే తెలుస్తుంది.

కత్తి తీసే ముందు ఇది గిట్ట కోతతో పోయే కుంటేనా అని ఒకసారి చూసుకోవాలి. నోట్లోంచి చొంగ కారుతూ నాలుక మీద పొక్కులు ఉండి, పక్క పశువులు కూడా కుంటుతుంటే అది గాలికుంటు, కాలు ముట్టుకోవద్దు, విడిగా కట్టేసి డాక్టరు గారికి చెప్పాలి. నిన్న బాగానే ఉండి ఇవాళ పొద్దున్నకల్లా కాలు వాచి, రెండు గిట్టల పైనా సమానంగా వాపు ఉండి, సందులోంచి కుళ్లు కంపు కొడుతూ జ్వరం ఉంటే అది సందు కుళ్లు, దానికి ఇంజెక్షన్ కావాలి గానీ కోత కాదు. గిట్ట పైన వెంట్రుకల దగ్గర ఒక్క పక్కే వాచిందంటే చీము లోపలికి, కీలు దాకా పోయి ఉండొచ్చు, అది కూడా డాక్టరు పనే.

కాలు ఎత్తి కట్టడం

మన ఊళ్లలో చాలా పశువుల ఆసుపత్రుల దగ్గర ఇనప పైపుల ట్రావిస్ ఉంటుంది, అందులో నిలబెట్టి చేయించుకోవడం అన్నిటికన్నా మేలు. ఆవు అంతదూరం నడవలేకపోతే 1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వాళ్లు వస్తారు. సావిట్లోనే చెయ్యాలంటే రెండు గట్టి స్తంభాల మధ్య తల కట్టేసి, కడుపు కింద నుంచి వెడల్పు పట్టా ఒకటి వేసి, వెనక కాలి చీలమండ పైన మెత్తటి గోనెపట్టా చుట్టి దాని మీద తాడు వేసి పై దూలానికి లాగి, అదే కాలి కింది భాగాన్ని ఇంకో తాడుతో అడ్డకర్రకి కట్టాలి. ముడి ఒక్క లాగుతో ఊడిపోయేలా ఉండాలి, ఆవు కూలబడితే విప్పే టైము ఉండదు. వట్టి సన్న నైలాన్ తాడు చర్మం మీద వెయ్యకండి.

పూర్వం ఎడ్లకి లాడాలు కొట్టేవాళ్లు తాడేసి పడగొట్టి చేసేవాళ్లు కదా, పాడి ఆవుని అలా పడెయ్యడం నాకు ఇష్టం లేదు. పక్క మీద ఎక్కువసేపు ఉంటే కడుపు ఉబ్బుతుంది, పొదుగు నలుగుతుంది, చూడిది అయితే ఇంకా ప్రమాదం. పైగా నేల మీద పడుకున్న ఆవు గిట్టలు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయా లేదా సరిగ్గా తెలీదు. ఈనడానికి నెల లోపు ఉన్న ఆవుని ట్రావిస్‌లో కూడా పెట్టకుండా ఉంటే మంచిది. మంచి టైము ఏంటంటే పాలు ఆపేసిన కొత్తలో ఒకసారి, ఈనిన రెండు మూడు నెలలకి ఇంకోసారి. ఏప్రిల్ మే నెలల్లో అయితే తెల్లారగట్లే మొదలెట్టి ఎండ ఎక్కేలోపు ముగించాలి.

సామాను పెద్దగా ఏం లేదు. గిట్ట కత్తి, అంటే చివర వంకర తిరిగి ఉండేది, కుడిచేతిదీ ఎడమచేతిదీ రెండు ఉంటే హాయి. మొన కోసే పెద్ద కట్టర్, ఆకురాయి, చిన్న స్కేలు, ఒక బ్రష్షు. గ్రైండరు ఉన్నవాళ్లు దాని వేగానికి మురిసిపోతారు, అది ఒక్క క్షణంలో అర అంగుళం తినేస్తుంది, వేడికి గోరు కాలుతుంది, చెయ్యి కుదిరేదాకా కత్తే మంచిది. కత్తి పదును మాత్రం గొరిగేలా ఉండాలి. మొద్దు కత్తితో బలం పెట్టి లాగితే జారి మన చేతికైనా తగులుతుంది, ఆవు పచ్చికండకైనా తగులుతుంది.

కొయ్యడం: ముందు లోపలి గిట్ట

నెదర్లాండ్స్‌లో టూసాన్ రావెన్ అనే పశువైద్యుడు చెప్పిన అయిదు మెట్ల పద్ధతి ఇవాళ లోకమంతా వాడుతున్నది, నేను చెప్పేది దాని మీద ఆధారపడిందే. వెనక కాలికి ఎప్పుడూ లోపలి గిట్టతో మొదలెట్టాలి, ఎందుకంటే అదే ఎక్కువ పెరగకుండా దాదాపు అసలు కొలతలో ఉంటుంది, దాన్ని సరిచేసి ఆ కొలత బయటిదానికి వెయ్యాలి. చాలామంది పొడుగ్గా కనిపించింది కదా అని బయటిదాని మీద పడతారు, అప్పుడు ఎంతలో ఆపాలో లెక్క ఉండదు.

పేడ కడిగి బ్రష్షుతో రుద్ది తుడవండి. గిట్ట ముందు గోడ మీద వెంట్రుకలు అయిపోయి గట్టి గోరు మొదలయ్యే చోటు నుంచి మొన దాకా స్కేలు పెట్టండి. హెచ్‌ఎఫ్ క్రాస్ ఆవుకి ఏడున్నర సెంటీమీటర్లు, అంటే మూడు అంగుళాలు ఉంచాలి, అంతకన్నా తగ్గించొద్దు, బాగా పెద్ద ఒళ్లున్న ఆవుకి ఎనిమిది ఉన్నా పర్లేదు. జెర్సీ క్రాస్ చిన్న ఆవులకి ఏడు దగ్గర ఉంటుంది, అయినా తొలిసారి చేసేవాళ్లు అర సెంటీమీటరు ఎక్కువే ఉంచండి, ఎక్కువుంటే మళ్లీ కొయ్యొచ్చు, తక్కువైతే అతికించలేం. గుర్తు పెట్టిన చోట మొనని కట్టర్‌తో నిలువుగా కత్తిరిస్తే ముక్కు కోసినట్టు చదరంగా ఒక ముఖం వస్తుంది, దాన్ని అందంగా సూదిగా చెయ్యాలని చూడకండి, మొన లోపలే ఎముక ఉంది.

ఇప్పుడు కాలు తిప్పి అరికాలు చూస్తే మొన దగ్గర అదనపు గోరు ఎంతుందో ఆ చదరపు ముఖం మీద కనిపిస్తుంది. మొన దగ్గర నుంచి వెనక్కి పలచపలచగా చెక్కుకుంటూ రండి. చెక్కుతున్నప్పుడు మాటిమాటికీ బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి, వేలి కింద కాస్త లొంగినట్టు అనిపించిందా, అక్కడితో ఆపెయ్యాలి, ఇంకో పొర కూడా తీయొద్దు. అరికాలు అయిదు నుంచి ఏడు మిల్లీమీటర్ల మందం ఉండాలి, అంతకన్నా పలచగా ఉంటే గచ్చు మీద నడవలేదు. ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యమైనది ఏంటంటే, లోపలి గిట్ట మడమ ముట్టుకోవద్దు. దాన్ని అలాగే ఎత్తుగా వదిలెయ్యాలి. ఎందుకంటే బయటి గిట్ట బరువు కాస్త ఇటు మార్చాలన్నదే మన పని, ఈ మడమ కోసేస్తే ఆ బరువు తీసుకునేవాళ్లు ఎవరూ ఉండరు. చూడ్డానికి రెండూ నున్నగా కోసేసి ఆవు మరుసటి రోజు ఇంకా ఎక్కువ కుంటిందంటే చాలాసార్లు కారణం ఇదే.

తర్వాత బయటి గిట్ట

లోపలిది పూర్తయ్యాక దాని పొడుగే బయటిదానికి పెట్టి మొన కత్తిరించండి. తర్వాత బయటి గిట్ట అరికాలూ మడమా రెండూ తగ్గించుకుంటూ రావాలి, లోపలిదాని ఎత్తుకి సమానం అయ్యేదాకా. సమానం అయ్యిందా లేదా కంటితో నమ్మకండి, కత్తి పిడి రెండు గిట్టల మీదా అడ్డంగా పెట్టి చూడండి, మొన దగ్గర ఒకసారి మడమ దగ్గర ఒకసారి. పిడి ఏ పక్కకీ ఒరగకూడదు. అక్కడ కూడా బొటనవేలి పరీక్ష తప్పదు, సమానం చెయ్యాలనే పట్టుదలతో పచ్చికండ దాకా పోవద్దు, ఈసారి సగం తగ్గించి మూడు నెలల తర్వాత మిగతాది చేసుకోవచ్చు.

మూడోది, సందు వైపు చిన్న గుంట తియ్యడం. ఇందాక చెప్పానే పుండు వచ్చే చోటు, అక్కడ రెండు గిట్టల అరికాళ్లలోనూ లోపలి అంచు వైపు కొంచెం లోతుగా గరిటె గుంటలా చెక్కాలి, బయటి గిట్టకి ఇంకొంచెం వెడల్పుగా. అప్పుడు ఆ చోటు గచ్చుని తాకదు, పేడ కూడా ఇరుక్కోకుండా జారిపోతుంది. మొన వైపు మూడో వంతూ, బయటి గోడ అంచూ మాత్రం చదునుగానే ఉంచాలి, బరువు నిలిచేది వాటి మీదే. గోడ అంచు నున్నగా గుండ్రంగా గీకేవాళ్లని చూశాను, చూడ్డానికి బావుంటుంది గానీ ఆవు నిలబడటానికి ఉన్న గట్టి భాగం అది.

ముందు కాళ్లకి ఇదంతా తిరగబడుతుంది, అక్కడ ఎక్కువ పెరిగేది లోపలి గిట్ట, కాబట్టి బయటిదానితో మొదలెట్టాలి. ముందు కాళ్లకి ఇబ్బంది తక్కువే కాబట్టి దాని గురించి ఇంతకన్నా పొడిగించను.

ఒక సంగతి జాగ్రత్త. సావిడి గచ్చు కొత్తగా పోసింది, గరుగ్గా ఉంది, రోజుకి నాలుగుసార్లు కడుగుతున్నారు అనుకోండి, తడికి గోరు నాని మెత్తబడి ఇసక కాగితం మీద రుద్దినట్టు అరిగిపోతుంది. అలాంటి ఆవుకి మొన పొడుగు మామూలుగానే ఉండి కూడా అరికాలు నొక్కితే లొంగుతుంటుంది. దానికి కత్తి పెట్టనే వద్దు. దానికి కావాల్సింది మెత్తటి పరుపు, అంతే. గిట్ట గోడ నెలకి అర సెంటీమీటరు పెరుగుతుంది, అరికాలు కూడా నిదానంగా పూడుకుంటుంది, గచ్చు మీద నిలబడే టైము తగ్గిస్తే చాలు.

పుండు ఉంటే ఏం చేశామో

అమలాపురం దగ్గర మా బాబాయి గారి సావిట్లో ఆవు విషయం చెప్తాను, లెక్కలు దగ్గరుండి చూసినవి కాబట్టి. హెచ్‌ఎఫ్ క్రాస్, మూడో ఈత, ఈని మూడో నెల. పూటకి ఆరు లీటర్ల పైన ఇచ్చేది నాలుగున్నరకి దిగింది, దాణా తింటోంది గానీ గాటి దగ్గరకి చివర్లో వస్తోంది, ఎడమ వెనక కాలు కొన మీద ఆనిస్తోంది. ట్రావిస్‌లో పెట్టి కడిగి చూస్తే బయటి గిట్ట పది సెంటీమీటర్లు, లోపలిది ఎనిమిదిన్నర, బయటిది మడమ దగ్గర వేలి మందం ఎత్తు ఎక్కువ. లోపలిది ఏడున్నరకి కోసి, మడమ వదిలేసి, బయటిది దానికి సమానం చేస్తూ రెండు పొరలు తియ్యగానే ఆ చోట రూపాయి బిళ్లంత నల్లెరుపు మచ్చ బయటపడింది. దాన్ని బొటనవేలితో నొక్కితే ఆవు కాలు గుంజేసింది. ఇంకో పొర తీశాక మధ్యలో చిన్న రంధ్రం, అందులోంచి శనగ గింజంత ఎర్రటి కండ పొడుచుకు వచ్చి ఉంది.

అలాంటప్పుడు చెయ్యాల్సింది రెండే. మొదటిది, పుండు చుట్టూ ఊడొచ్చిన, కింద అంటుకోకుండా లేచి ఉన్న గోరంతా తీసేసి అంచులు కాగితం అంత పలచగా వాలుగా చెయ్యాలి, గట్టి అంచు ఉంటే అది కండని నొక్కుతూ ఉంటుంది, పుండు మానదు. ఆ ఎర్ర కండని మాత్రం కొయ్యకూడదు, కాల్చకూడదు. బాబాయి అప్పటికే మైలుతుత్తం పొడి తెచ్చి పెట్టుకున్నాడు, "అది కాస్త అద్దితే ఎండిపోద్దిరా అబ్బాయ్" అని. మైలుతుత్తం పచ్చికండని తినేస్తుంది, కొత్త గోరు పుట్టాల్సిందే ఆ కండ మీద నుంచి, దాన్ని కాలిస్తే నెల్లాళ్లకి మానేది మూడు నెలలవుతుంది. డాక్టరు గారు కూడా అదే చెప్పి పక్కన పెట్టించారు. గుడ్డ కట్టు కూడా కట్టలేదు, సావిట్లో కట్టు కడితే మర్నాటికి అది పేడ నానిన మూట అవుతుంది.

రెండోది, ఆ గిట్ట మీద బరువు పూర్తిగా తీసెయ్యడం. దానికి మంచి గిట్ట కింద, అంటే లోపలిదాని కింద చెక్క దిమ్మ అతికిస్తారు. సుమారు పన్నెండు సెంటీమీటర్ల పొడవు, అయిదు వెడల్పు, రెండున్నర మందం. దిమ్మ అతికితే పుండు గిట్ట గాలిలో ఉంటుంది, ఆవు నడిచినా నేలకి తగలదు. పొడి, ద్రవం రెండు కలిపే జిగురు వస్తుంది, వెటర్నరీ మందుల షాపులో చెప్తే తెప్పిస్తారు. మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ కాబట్టి జిగురు ఊడిపోతుంటుంది, అందుకని అతికించే గిట్టని ఆకురాయితో గరుకు చేసి, హెయిర్ డ్రయ్యరుతో పూర్తిగా ఆరబెట్టి, తర్వాతే జిగురు. అది గట్టిపడేటప్పుడు బాగా వేడెక్కుతుంది, మడమ మెత్తటి భాగం మీదకీ రెండు గిట్టల సందులోకీ కారకుండా వేలితో తుడిచెయ్యాలి, లేకపోతే కాలి ఇంకో పుండు పడుతుంది. దిమ్మ వెనక కొన మడమ కింద దాకా రావాలి, ముందుకి జరిగిపోతే ఆవు వెనక్కి ఒరిగి నడుస్తుంది, నరాలు లాగేస్తాయి. అసలు మంచి గిట్టకే ఏదైనా నొప్పి ఉంటే దిమ్మ పెట్టకూడదు, ముందు దాన్ని నొక్కి చూసుకోవాలి. దిమ్మ దొరక్కపోతే, బయటి గిట్ట గోరు మందంగా ఉన్నంతవరకు మడమ ఇంకా దించి పల్లం చేస్తే కొంత బరువు తగ్గుతుంది, దిమ్మ అంత కాదు గానీ ఏమీ లేనిదానికన్నా నయం.

నొప్పికి డాక్టరు గారు మెలాక్సికామ్ ఇంజెక్షన్ చేశారు. నొప్పి మందు దండగ అనుకోవద్దు, వాపు తగ్గితేనే ఆవు పడుకోవడం లేవడం మామూలుగా చేస్తుంది, పుండు కూడా త్వరగా మానుతుంది. డోసు బరువుని బట్టి ఆయన చూస్తారు, ఎన్నాళ్లు పాలు కేంద్రానికి పోయకూడదో కూడా అడిగి తెలుసుకోండి. ఎవరైనా పాత స్టాకు డైక్లోఫెనాక్ ఇస్తానంటే వద్దనండి, రాబందులు చచ్చిపోతున్నాయని 2006లోనే పశువులకి దాన్ని నిషేధించారు, 2023లో కీటోప్రొఫెన్ కూడా ఆపేశారు. చీము, వాపు లేని అరికాలు పుండుకి యాంటీబయాటిక్ అక్కర్లేదు, అది సూక్ష్మజీవి జబ్బు కాదు, నలిగిన దెబ్బ.

దిమ్మ పెట్టిన సాయంత్రానికే కాలు పూర్తిగా ఆనించింది. పది రోజులకి మళ్లీ ఎత్తి చూస్తే ఎర్ర కండ చదునుగా అయ్యి అంచుల నుంచి పలచటి తెల్లటి గోరు కమ్ముకొస్తోంది, అది మానే గుర్తు. ఆ టైముకి కండ ఇంకా పొడుచుకు వస్తుంటే చుట్టూ ఎక్కడో గోరు అంచు నొక్కుతోందని అర్థం, మళ్లీ పలచన చెయ్యాలి. కంపు కొట్టి నల్ల చీము వస్తుంటే, గిట్ట పైన ఒక పక్క వాస్తుంటే ఎముకకి సోకింది, ఆగకుండా డాక్టరుకి చూపించాలి. దిమ్మ అయిదో వారంలో తీసేశాం. నాలుగు నుంచి ఆరు వారాలు దాటితే ఉంచకూడదు, దిమ్మ ఒక పక్కే అరిగి వంకరగా అయితే ఇంకా ముందే తియ్యాలి. పాలు మళ్లీ అయిదున్నర దాకా వచ్చాయి, ముందున్న ఆరు మాత్రం ఆ ఈతలో రాలేదు. ఒకసారి బాగా లోతుగా పుండు పడ్డ ఆవుకి లోపల ఎముక అంచు మీద బొడిపెలాగా పెరిగిపోవచ్చు, అలాంటి ఆవుకి ప్రతి ఈతలోనూ అదే చోట మళ్లీ వస్తుంది, కాబట్టి దాన్ని గుర్తు పెట్టుకుని పాలు ఆపిన ప్రతిసారీ తప్పకుండా గిట్టలు చూడాలి.

గచ్చు సంగతి

గిట్టలు ఎంత బాగా కోసినా ఆవు రోజంతా నిలబడే ఉంటే మళ్లీ అదే కథ. పాడి ఆవు రోజుకి పన్నెండు గంటల దాకా పడుకోవాలి. పడుకుంటోందో లేదో చూడ్డానికి మధ్యాహ్నం ఒంటిగంటకీ రాత్రి పదింటికీ సావిట్లోకి వెళ్లి చూడండి, మేత అయిపోయినా నిలబడే ఉన్నాయంటే కింద గట్టిగా ఉంది, లేదా తడిగా ఉంది, లేదా ఉక్క. మన కోనసీమ ఉక్కకి ఆవు పడుకోదు, నిలబడితేనే ఒంటికి గాలి తగులుతుందని దానికి తెలుసు, అందుకని ఫ్యాను పడుకునే చోటికి తిప్పాలి గానీ గాటి వైపుకి కాదు. నేల పరీక్ష సులువు, ఆవు పడుకునే చోట మీరే మోకాళ్ల మీద ఒక్కసారి కూలబడి చూడండి, మోకాలు నొప్పెట్టినా, లేచేసరికి పంచె తడిసినా అది ఆవుకీ అంతే.

రబ్బరు మ్యాట్లు కొనలేకపోతే మనకి ఇంకో వసతి ఉంది, పీచు మిల్లుల దగ్గర కొబ్బరి పొట్టు దొరుకుతుంది, మిల్లుల్లో ఊక దొరుకుతుంది. నాలుగైదు అంగుళాల మందం పరిచి తడిసినంత మేర రోజూ ఎత్తేసి కొత్తది వెయ్యాలి, తడి పొట్టు వదిలేస్తే గిట్ట సంగతేమో గానీ పొదుగు వాపు వస్తుంది. పాలు తీసే చోట గచ్చు అలాగే ఉంచి, పడుకునే చోటే పరిచినా చాలు. వీలుంటే పూటకి రెండు గంటలు కొబ్బరితోటలో కట్టండి. ఇంకొకటి, పెళ్లిళ్లలో మిగిలిన అన్నం తెచ్చి ఒకేసారి గంపెడు పెట్టడం మానండి, పొట్టలో ఆమ్లం పెరిగి గిట్ట లోపల వాపు వస్తుంది, ఆవు ఆ రోజు బాగానే ఉండి రెండు నెలల తర్వాత కుంటుతుంది, అప్పుడు పెళ్లి ఎవరికీ గుర్తుండదు.

చివరిగా మైలుతుత్తం నీళ్ల గురించి అడుగుతారు కాబట్టి చెప్తున్నా. అయిదు శాతం, అంటే వంద లీటర్ల నీళ్లలో అయిదు కేజీలు కలిపి ఆవుల్ని అందులోంచి నడిపిస్తారు, అది సందు కుళ్లూ మడమ మీద అంటుపుండ్లూ ఆపడానికి. అరికాలు పుండుకి దానితో పనిలేదు, పచ్చి పుండు ఉన్న ఆవుని అసలు దించకూడదు. నడిపించే ముందు గిట్టలకి పేడ కడిగెయ్యాలి, పేడ కలిసిన కొద్దీ మందు పనిచెయ్యదు, నీళ్లు పచ్చగా చిక్కబడితే మార్చెయ్యాలి. ఆ వాడేసిన నీళ్లు మాత్రం పంటకాలవలోకీ బోదెలోకీ వదలకండి, రాగి చేపలకీ రొయ్యలకీ విషం, మన దగ్గర సావిడి పక్కనే ఎవరో ఒకరి చెరువు ఉంటుంది. పేడ గుంటలో పోసినా అది చివరికి చేలోకే పోతుంది కాబట్టి, నాలుగైదు ఆవులున్నవాళ్లు తొట్టి కట్టకుండా స్ప్రేయరుతో గిట్టలకి కొట్టుకుంటే మందూ తక్కువ, మిగిలే నీళ్లూ ఉండవు.